కాంటా మీద ఆగిన ట్రాక్టర్ వెనక్కి వస్తుందా?

ఇంటర్ మొదటి సంవత్సరం గణితంలో అవకలజాల అనువర్తనాలు చెప్పే లెక్చరర్లందరికీ ఈ రకం లెక్క అలవాటే. ఒక కణం సరళరేఖ మీద కదులుతూ ఉంటుంది. దాని స్థానాన్ని కాలంలో ఒక బహుపదిగా ఇస్తారు. వేగం ఎంత, త్వరణం ఎంత, దిశ ఎప్పుడు మారింది అని అడుగుతారు. ఒకసారి అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే మార్కులు వచ్చేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. 'సున్నాకు సమానం చేయడం' చేతికి అలవాటైపోయాక, ఆ సున్నా దగ్గర నిజంగా ఏం జరిగిందో చూడాలన్న ఆలోచన పిల్లలకు రాదు. మా తరగతిలో ఒక లెక్క ఈ అలవాటును బయటపెట్టింది. దాని పూర్వాపరాలే ఈ కేస్ స్టడీ.

నేను కణాన్ని పక్కనపెట్టి ట్రాక్టర్‌ను తీసుకున్నాను. మాది మిర్యాలగూడ ప్రాంతం. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోతలు మొదలైతే రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. గేటు దాటి ధర్మకాంటా ఎక్కడం, ఖాళీ లేకపోతే వెనక్కి రావడం మా పిల్లలు కళ్లారా చూసేవే. కణానికి మనసులో బొమ్మ ఉండదు, ట్రాక్టర్‌కు ఉంటుంది. ఈ కేసులో ఆ బొమ్మే అక్కరకు వచ్చింది.

ముందుగా అందరికీ వచ్చిన లెక్క చెబుతాను. మిల్లు గేటు దగ్గర s = 0. గేటు నుంచి లోపలికి వెళ్లే దిశ ధనం, బయటికి వచ్చే దిశ ఋణం. దూరం మీటర్లలో, కాలం సెకన్లలో. ట్రాక్టర్ స్థానం 0 నుంచి 40 సెకన్ల వరకు ఇలా ఉంది:

s = 0.005t³ − 0.3t² + 4.5t

ఒకసారి అవకలనం చేస్తే వేగం, రెండోసారి చేస్తే త్వరణం:

v = 0.015t² − 0.6t + 4.5 = 0.015(t − 10)(t − 30)
a = 0.03t − 0.6

వేగం 10వ, 30వ సెకన్లలో సున్నా. మొదటి 10 సెకన్లలో v ధనం, 10 నుంచి 30 వరకు ఋణం, ఆ తర్వాత మళ్లీ ధనం. అంటే ట్రాక్టర్ లోపలికి 20 మీటర్లు వెళ్లింది, ముందు లారీ అడ్డం ఉండటంతో గేటు దాకా వెనక్కి వచ్చింది, దారి దొరికాక మళ్లీ లోపలికి కదిలి 40వ సెకనుకు 20 మీటర్ల దగ్గర ఉంది. స్థానభ్రంశం 20 మీటర్లు, నడిచిన దూరం 60 మీటర్లు. గేటు దాటేటప్పుడు వేగం సెకనుకు 4.5 మీటర్లు, అంటే గంటకు 16 కిలోమీటర్ల పైచిలుకు. ధాన్యం ట్రాక్టర్‌కు ఇది నమ్మదగ్గ అంకే. అంకెలు నమ్మేలా ఉన్నాయో లేదో చూడటం నాకు ముఖ్యం. కణం సెకనుకు వెయ్యి మీటర్లు పోతోందని రాసినా ఎవరూ ఉలిక్కిపడరు గాని, ట్రాక్టర్ అలా పోతే ఎక్కడో తప్పు జరిగిందని వెంటనే తెలుస్తుంది.

ఈ లెక్కలో ఒక్క చోట కొందరు తడబడ్డారు. 0 నుంచి 20 సెకన్ల దాకా త్వరణం ఋణం కాబట్టి ఆ 20 సెకన్లూ ట్రాక్టర్ నెమ్మదిస్తోందని రాశారు. మొదటి 10 సెకన్లకు అది నిజం. తర్వాతి 10 సెకన్లలో వేగం కూడా ఋణమే. రెండూ ఒకే గుర్తులో ఉన్నాయి కాబట్టి వడి పెరుగుతోంది, కాకపోతే వెనక్కి. 20వ సెకనులో త్వరణం సున్నా అయ్యేసరికి ట్రాక్టర్ సెకనుకు 1.5 మీటర్ల వడితో వెనక్కి వస్తోంది. వెనక్కి వచ్చే ప్రయాణంలో అదే గరిష్ఠ వడి. త్వరణం గుర్తు ఒక్కటే చూసి బ్రేకు పడిందని చెప్పలేం. దాంతోపాటు వేగం గుర్తునూ చూడాలి. దీన్ని పిల్లలు తొందరగానే పట్టుకున్నారు.

అసలు కేసు రెండో లెక్కతో మొదలైంది. వారాంతపు పరీక్షలో ఇచ్చాను. ఈసారి ట్రాక్టర్ నిలిచిన చోటి నుంచి బయలుదేరి కాంటా వైపు వెళ్తుంది:

s = 0.00025t⁴ − 0.02t³ + 0.45t²

కాలం మళ్లీ 0 నుంచి 40 సెకన్లు. వేగం, త్వరణం, దిశ మారిన క్షణాలు, మొత్తం నడిచిన దూరం కనుక్కోమన్నాను. అవకలనంలో తప్పు చేసినవారు దాదాపుగా లేరు:

v = 0.001t³ − 0.06t² + 0.9t = 0.001t(t − 30)²
a = 0.003t² − 0.12t + 0.9 = 0.003(t − 10)(t − 30)

తరగతిలో ఎక్కువమంది "v = 0 అయితే t = 0 లేదా t = 30. కాబట్టి 30వ సెకనులో ట్రాక్టర్ దిశ మార్చుకుంది" అని రాశారు. కొందరు t = 0 ను కూడా దిశ మారిన క్షణంగా లెక్కగట్టారు. అది బయలుదేరిన క్షణం. దానికి ముందు చలనమే లెక్కలో లేదు కాబట్టి మారడానికి దిశ అనేదే లేదు. కాలం విరామం చివరల్లో వచ్చే సున్నాలను ముందే పక్కన పెట్టేయాలి. అది చిన్న విషయం. 30 దగ్గర జరిగింది మాత్రం చిన్న విషయం కాదు.

ఒక జవాబు పత్రం నాకు బాగా గుర్తుంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. "30వ సెకనులో ట్రాక్టర్ వెనక్కి తిరిగింది" అని రాసి కింద గీత గీసింది ఆ అమ్మాయి. దానికి రెండు వరుసల కింద, దూరం కోసం, s(30) = 67.5 అనీ s(40) = 80 అనీ సరిగ్గానే లెక్క కట్టింది. వెనక్కి తిరిగిన ట్రాక్టర్ పది సెకన్ల తర్వాత 12.5 మీటర్లు ముందుకు ఎలా వెళ్లింది? రెండు వరుసలూ ఒకే పేజీలో ఉన్నా అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని ఆమెకు తట్టలేదు. ఈ తప్పు ఎక్కువసార్లు తనంతట తానే ఇలా బయటపడుతుంది. దిశ మారిందన్న క్షణం తర్వాత స్థానం విలువలను ఒక్కసారి చూస్తే చాలు. మధ్యలో మరో మలుపు లేకుండా స్థానం అదే దిశలో పెరుగుతూ పోతుంటే మలుపు జరగలేదన్నమాట.

పత్రాలు తిరిగి ఇచ్చిన రోజు వెనుక బెంచీ నుంచి ఒకడు లేచాడు. వాళ్ల నాన్న మిల్లుకు ధాన్యం తోలే ట్రాక్టర్ డ్రైవర్. "సార్, కాంటా ఎక్కి ఆగిన బండి మళ్లీ ముందుకే దిగుతుంది కదా. వెనక్కి ఎందుకు వస్తుంది?" అని అడిగాడు. పరీక్షలో వాడు కూడా దిశ మారిందనే రాశాడు. లెక్క చేసేటప్పుడు వాడికి ట్రాక్టర్ కనిపించలేదు, సూత్రమే కనిపించింది. ఇప్పుడు కనిపించింది.

బోర్డు మీద v ని కారణాంకాలుగా మాత్రమే రాసి గుర్తులు అడిగాను. t ధనం. (t − 30)² ఎప్పుడూ ఋణం కాదు. అంటే 30కి ముందూ వేగం ధనమే, తర్వాతా ధనమే. 29వ సెకనులో v = 0.029, 31వ సెకనులో v = 0.031. రెండు చోట్లా ట్రాక్టర్ ముందుకే పాకుతోంది. 30 దగ్గర ఒక్క క్షణం ఆగి అదే దిశలో సాగింది. దిశ మారాలంటే వేగం సున్నా కావడం తప్పనిసరి, కాని అది చాలదు. సున్నాకు ఇటూ అటూ గుర్తు మారితేనే మలుపు. ఈ లెక్కలో 0 నుంచి 40 వరకు మలుపే లేదు. స్థానభ్రంశం 80 మీటర్లు, నడిచిన దూరమూ 80 మీటర్లే.

గుర్తు పరీక్షలో ఒక జాగ్రత్త చెప్పాల్సి వచ్చింది. మొదటి లెక్కను ఇదే పద్ధతిలో మళ్లీ చేయమంటే ఒక కుర్రాడు 5, 35 సెకన్లను ఎంచుకున్నాడు. రెండు చోట్లా v = 1.875 వచ్చింది, రెండూ ధనమే. కాబట్టి మలుపు లేదన్నాడు. 5 నుంచి 35 లోపల రెండు సున్నాలు ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు గుర్తు మారి మళ్లీ మొదటికే వచ్చింది. అందుకని సున్నాలన్నీ ముందు వరుసగా రాసుకోవాలి. ఒక్కో సున్నాకు పరీక్ష బిందువులను పక్క సున్నా దాటకుండా ఎంచుకోవాలి. రెండు వరుస సున్నాల మధ్య బహుపది గుర్తు మారదు కాబట్టి ఆ ఖాళీలో ఏ క్షణం తీసుకున్నా ఒక్కటే.

రెండో లెక్కకు 'మలుపు లేదు' అని సరిగ్గా రాసినవారూ కొందరున్నారు. వాళ్లకు పూర్తి మార్కులు వేసే ముందు కారణం చదివాను. "a(30) = 0 కాబట్టి దిశ మారలేదు" అని ఉంది. జవాబు సరైనదే, కారణం సరైనది కాదు. గరిష్ఠ కనిష్ఠాల పాఠంలో రెండో అవకలజం పరీక్ష వారికి తెలుసు. వేగం సున్నా అయి త్వరణం సున్నా కాకపోతే మలుపు ఖాయం అన్నంతవరకు అది నిజం. మొదటి లెక్కలో a(10) = −0.3, a(30) = 0.3, రెండు చోట్లా మలుపే. కాని త్వరణం కూడా సున్నా అయితే ఆ పరీక్ష ఏమీ చెప్పదు. మలుపు లేదని కూడా చెప్పదు. ఈ తేడా మాటలతో చెబితే తల ఊపుతారు, మళ్లీ అలాగే రాస్తారు. అందుకే మూడో లెక్క ఇచ్చాను.

ఈసారి s = 0 అంటే కాంటా. ట్రాక్టర్ కాంటా దాటి 16 మీటర్ల అవతల ఉంది, వెనక్కి వస్తోంది:

s = 0.0001t⁴ − 0.008t³ + 0.24t² − 3.2t + 16
v = 0.0004t³ − 0.024t² + 0.48t − 3.2 = 0.0004(t − 20)³
a = 0.0012(t − 20)²

20వ సెకనులో వేగం సున్నా, త్వరణమూ సున్నా. 'a = 0 కాబట్టి మలుపు లేదు' అన్నవారి ప్రకారం ట్రాక్టర్ వెనక్కే పోవాలి. కాని s అసలు 0.0001(t − 20)⁴. అది ఎప్పుడూ ఋణం కాదు. ట్రాక్టర్ కాంటా దాకా వచ్చి మళ్లీ ముందుకు వెళ్లిపోయింది. 40వ సెకనులో మళ్లీ 16 మీటర్ల దగ్గర ఉంది. 20కి ముందు v ఋణం, తర్వాత ధనం. మలుపు జరిగింది. సున్నాను ఇచ్చే కారణాంకం బేసి ఘాతంలో ఉంటే గుర్తు మారుతుంది, సరి ఘాతంలో ఉంటే మారదు. రెండో లెక్కలో ఘాతం 2, మూడో లెక్కలో 3. త్వరణం రెండింటిలోనూ సున్నాయే.

మూడో లెక్కలో నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. 15వ సెకనులో ట్రాక్టర్ కాంటాకు 6.25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. 25వ సెకనులోనూ అంతే. ఆ పది సెకన్లూ అది ఆ కాస్త జాగాలోనే ఉంటుంది. పక్కన నిలబడి చూసే హమాలీకి బండి పది సెకన్లు ఆగినట్టే కనిపిస్తుంది. ఏ క్షణంలో దిశ మారిందో కంటితో చెప్పడం అయ్యే పని కాదు. మలుపు క్షణాన్ని గ్రాఫు చూసి చదివే అలవాటు ఉన్నవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. గ్రాఫు అడుగున చదునుగా పడుకుని ఉంటుంది. కారణాంకాలే నికరంగా చెబుతాయి.

కారణాంకాలు నికరంగా చెప్పాలంటే గుణకాలు నికరంగా ఉండాలి. పుస్తకం లెక్కల్లో ఉంటాయి. కొలిచిన లెక్కల్లో ఉండవు. రెండో లెక్కలో t² గుణకం 0.45. దాని వల్ల వేగంలో 0.9t వచ్చింది. ఆ 0.9 బదులు 0.89 పెట్టి చేయమన్నాను, అంటే దాదాపు నూటికి ఒకటి తగ్గించడం:

v = t(0.001t² − 0.06t + 0.89)

వర్గసమీకరణం సూత్రం ప్రకారం మూలాలు సుమారు 26.84, 33.16. రెండుసార్లు వచ్చిన ఒకే మూలం చీలి రెండు వేరు మూలాలైంది. ఇప్పుడు రెండు చోట్లా గుర్తు మారుతుంది. ట్రాక్టర్ ఆరు సెకన్లకు పైగా వెనక్కి నడుస్తుంది, సుమారు 1.26 మీటర్లు. అదే 0.91 పెడితే విచక్షణి ఋణం అవుతుంది, 0 తర్వాత వేగం సున్నా అయ్యే క్షణమే ఉండదు. ట్రాక్టర్ కాంటా మీద ఆగకుండా, సెకనుకు దాదాపు 0.3 మీటర్ల వడికి తగ్గి సాగిపోతుంది. ఒక్క గుణకంలో నూటికి ఒక వంతు తేడాకు కథ మూడు రకాలుగా మారింది: వెనక్కి వచ్చింది, క్షణం ఆగింది, ఆగనే లేదు.

మొదటి లెక్కకు ఈ బెడద లేదు. అందులో 4.5 ను 4.45 చేసినా మలుపులు కొద్దిగా పక్కకు జరుగుతాయి గాని మాయం కావు. వేరు వేరు మూలాల దగ్గర v గ్రాఫు అక్షాన్ని కోసుకుని దాటుతుంది, కాబట్టి చిన్న తప్పును తట్టుకుంటుంది. రెండుసార్లు వచ్చే మూలం దగ్గర గ్రాఫు అక్షాన్ని తాకి వెనుదిరుగుతుంది. ఏ మాత్రం పైకి జరిగినా తాకదు, కిందికి జరిగితే రెండు చోట్ల కోస్తుంది. అందుకే వీడియో తీసి ప్రతి సెకనుకూ స్థానం కొలిచి, కంప్యూటర్‌లో బహుపదిని అమర్చిన పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులో "ఇక్కడ బండి క్షణకాలం ఆగి అదే దిశలో సాగింది" అని రాస్తే నేను ఒప్పుకోను. కొలతల్లో వచ్చే పొరపాటు ఎంతో చెప్పి, ఆ హద్దుల్లో మలుపు ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని రాయమంటాను. గుణకాలను దశాంశాల్లో రెండు స్థానాలకు కుదించి ఆ తర్వాత కారణాంకాలు వెతికినవారి పత్రాల్లో లేని మలుపులు పుట్టుకొస్తాయి. కుదింపు ఎప్పుడూ చివరి అడుగే కావాలి.

ఆ డ్రైవర్ కొడుకు మరో ప్రశ్నతో వచ్చాడు. "సార్, కాంటా మీద బండి క్షణం ఆగితే తూకం రాదు. చీటీ వచ్చేదాకా ఆగాలి. ఆ రెండు నిమిషాలు మీ లెక్కలో ఏవి?" లేవు. ఏ బహుపదిలోనూ ఉండవు. v అనేది సున్నా బహుపది కాకపోతే దాని మూలాల సంఖ్య దాని ఘాతాన్ని మించదు. s నాలుగో ఘాతం బహుపది అయితే v మూడో ఘాతం, కాబట్టి వేగం సున్నా అయ్యే క్షణాలు గరిష్ఠంగా మూడు, మలుపులూ మూడుకు మించవు. రెండు నిమిషాలు ఆగి ఉండటమంటే లెక్కలేనన్ని క్షణాల్లో వేగం సున్నా కావడం. అలా జరిగితే ఆ బహుపది మొత్తం స్థిరమే, ట్రాక్టర్ ఎన్నడూ కదలనట్టే.

కాబట్టి ముక్కలుగా రాయాలి. 30వ సెకను దాకా రెండో లెక్కలోని బహుపది. 30 నుంచి 150 దాకా s = 67.5. ఆ తర్వాత కాంటా దిగడానికి ఇంకో బహుపది. ముక్కలు కలిసే చోట స్థానం కలవాలి, వేగం కలవాలి. ఇక్కడ త్వరణం కూడా కలుస్తోంది. 30వ సెకనులో మొదటి ముక్క త్వరణం సున్నా, ఆగి ఉన్న ట్రాక్టర్ త్వరణమూ సున్నా. అదే మొదటి లెక్కలోని ట్రాక్టర్‌ను 10వ సెకనులో ఆపి ఉంచామనుకోండి. స్థానం కలుస్తుంది, వేగమూ కలుస్తుంది, త్వరణం మాత్రం −0.3 నుంచి ఒక్కసారిగా సున్నాకు ఎగురుతుంది. బ్రేకు అదే బలంతో తొక్కి పట్టిన బస్సు నిలిచే క్షణంలో నిలబడ్డ ప్రయాణికులు వెనక్కి ఊగేది ఈ ఎగురుడు వల్లనే. ఆగే ముందు క్షణంలో బ్రేకు మీద కాలు కొద్దిగా సడలించే డ్రైవర్ త్వరణాన్ని కూడా సున్నాకు తెస్తున్నాడు. అప్పుడు వేగానికి ఆ క్షణం దగ్గర రెండుసార్లు వచ్చే మూలం ఉంటుంది.

మూడో ముక్క రాసే పని పిల్లలకే వదిలాను. కాంటా దిగే క్షణాన్ని సున్నాగా తీసుకుంటే, వేగం, త్వరణం రెండూ సున్నాతో మొదలై ముందుకు సాగే అతి తక్కువ ఘాతపు బహుపది ఏదని అడిగాను. s = 67.5 + ct³ అని చాలామందికి వచ్చింది, c ధనం. కొందరు s = 67.5 + ct² రాశారు. అందులో వేగం కలిసింది, త్వరణం 2c తో మొదలైంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే ట్రాలీలోని బస్తాలు వెనక్కి జరిగేది అప్పుడేనని ఆ డ్రైవర్ కొడుకే వాళ్లకు చెప్పాడు.